మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఇండియన్ టాయిలెట్టా, వెస్టర్న్ కమోడా: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఖమ్మం చుట్టుపక్కల ఇళ్లకి వెళ్లి ఫిజియోథెరపీ చేస్తాను. వెళ్లేది మోకాళ్ల కోసమే అయినా, వ్యాయామాలు అయిపోయి గుమ్మం దాకా వచ్చాక కొడుకో కోడలో నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించి అడిగేది మాత్రం బాత్రూం గురించే. ఒకే సందేహాలు పదిళ్లల్లో పదిసార్లు వింటున్నా, అందుకే అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నా. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి.

## మార్చాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇండియన్ టాయిలెట్ వాడితే మోకాళ్లు ఇంకా అరిగిపోతాయా?

రోజుకి ఒకసారి ఐదు నిమిషాలు గొంతుక్కూర్చున్నంత మాత్రాన మోకాలు అరిగిపోతుందని నేనైతే చెప్పను. గంటలకొద్దీ గొంతుక్కూర్చుని చేసే పనుల సంగతి వేరు. కానీ ఇప్పటికే అరిగిన మోకాలికి ఆ ఐదు నిమిషాలే నరకం. పూర్తిగా గొంతుక్కూర్చున్నప్పుడు మోకాలు 130 డిగ్రీల పైనే ముడుచుకుంటుంది. మోకాలి చిప్ప వెనకవైపు ఎముకకి గట్టిగా ఒత్తుకుంటుంది. దిగేటప్పటికంటే లేచేటప్పుడు ఇంకా కష్టం, ఎందుకంటే ఒంటి బరువంతా ముడుచుకున్న మోకాళ్ల మీంచే పైకి లేవాలి, అప్పటికే కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి, కింద నేల తడిగా ఉంటుంది.

కాబట్టి అరుగుదల గురించి కాదు, నొప్పి గురించి, పడిపోవడం గురించి ఆలోచించండి. డెబ్భై దాటినవాళ్లు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే ఇంట్లో అందరి బతుకూ తలకిందులవుతుంది.

ఇక మార్చాల్సిందే అని ఎలా తెలుస్తుంది? అడిగితే "నాకేం, బానే ఉంది" అంటుంది.

అడగకండి, చూడండి. బాత్రూంలోకి వెళ్లి గోడ మీద చెయ్యి ఆనించే చోటు చూడండి. లేచేటప్పుడు పట్టుకునే చోట గోడ నల్లబడి ఉంటుంది, లేకపోతే కుళాయి వదులై ఊగుతుంటుంది. మా పేషెంటు ఒకావిడ నీళ్ల బకెట్ అంచు పట్టుకుని లేచేది. బకెట్ నిండా నీళ్లుంటే సరే, సగం ఉన్న రోజున అది ఒరిగింది, ఆవిడా ఒరిగింది. అదృష్టం బాగుండి మణికట్టు బెణకడంతో పోయింది.

రెండో గుర్తు తిండి దగ్గర కనిపిస్తుంది. టాయిలెట్‌కి వెళ్లాలంటే భయం కాబట్టి సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు, రాత్రి అన్నం తగ్గిస్తారు, వచ్చిన మోషన్‌ని ఆపుకుంటారు. దాంతో మలం గట్టిపడుతుంది, గట్టిపడితే ఎక్కువసేపు కూర్చుని ముక్కాలి, ఎక్కువసేపు కూర్చుంటే మోకాళ్లు ఇంకా నొప్పి. ఈ చక్రం మొదలైందంటే ఇక ఆలస్యం చెయ్యొద్దు.

ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష ఒకటుంది. మామూలు భోజనాల బల్ల కుర్చీలో కూర్చోబెట్టి చేతులు కట్టుకుని లేవమనండి. చేతులు వాడకుండా లేవలేకపోతే గొంతుక్కూర్చున్న చోటు నుంచి కూడా చేతుల బలంతోనే లేస్తున్నట్టు లెక్క.

నాన్నకి 74 ఏళ్లు, మోకాళ్లు బాగానే ఉన్నాయి. ముందుజాగ్రత్తగా ఇప్పుడే కమోడ్ పెట్టించెయ్యాలా?

వద్దు. హాయిగా గొంతుక్కూర్చుని లేవగలిగినవాళ్లని బలవంతంగా కుర్చీ ఎక్కించడం ఎందుకు? రోజూ వాడుతున్నన్నాళ్లు ఆ కదలిక నిలుస్తుంది, మానేస్తే మెల్లగా పోతుంది. ఆ పక్క గోడకి ఒక పట్టుకునే కడ్డీ మాత్రం పెట్టించండి. ఇంట్లో రెండు బాత్రూములుంటే ఒకటి అలా ఒకటి ఇలా ఉంచుకోవడం మంచిది. రక్తపోటు మందులు వేసుకునేవాళ్లయితే లేవగానే కళ్లు తిరగడం, బైర్లు కమ్మడం ఉందేమో కనుక్కోండి. అది ఉంటే మోకాళ్లు ఎంత బాగున్నా గొంతుక్కూర్చోవడం మంచిది కాదు.

## కమోడ్‌కి మారాక పొట్ట ఖాళీ అవ్వట్లేదన్నప్పుడు

కమోడ్ మీద సాఫీగా అవ్వట్లేదు, ఇంకా లోపలే ఉన్నట్టుంది అంటోంది. నిజమేనా, అలవాటు లేక అలా అనిపిస్తోందా?

చాలావరకు నిజమే. పెద్దవాళ్ల చాదస్తం అని కొట్టెయ్యకండి.

పెద్దపేగు చివరి భాగాన్ని ఒక కండరం తాడు వేసి ముందుకి లాగినట్టు పట్టుకుని ఉంటుంది. తోటకి నీళ్లు పెట్టేటప్పుడు రబ్బరు పైపుని మడిచి పట్టుకుంటే నీళ్లు ఆగుతాయి కదా, అలాగన్నమాట. మనం నిలబడ్డప్పుడు, నడిచేటప్పుడు బట్టలు పాడవకుండా కాపాడేది ఆ మడతే. మోషన్‌కి కూర్చున్నప్పుడు ఆ కండరం వదులై మడత విప్పుకోవాలి. గొంతుక్కూర్చుంటే తొడలు పొట్టకి ఆనుకుంటాయి, నడుము కింది భాగం ముందుకి వంగుతుంది, మడత బాగా విప్పుకుంటుంది. కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటే సగమే విప్పుకుంటుంది, మిగతాది ముక్కి తోయాలి.

ఇజ్రాయెల్‌లో ఒక డాక్టరు 28 మంది ఆరోగ్యవంతులతో దీన్ని గడియారం పెట్టి చూశాడు, 2003లో అచ్చయింది. గొంతుక్కూర్చుంటే సగటున 51 సెకన్లలో పనైపోయింది, మామూలు ఎత్తు కమోడ్ మీద 130 సెకన్లు పట్టింది. వాళ్లు మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లు కాదని గుర్తుపెట్టుకోండి. నొప్పితో పళ్లు బిగబట్టి గొంతుక్కూర్చున్న మనిషికి ఆ కండరం వదులవ్వదు, ఇంకా బిగుసుకుంటుంది. అందుకే నొప్పి గట్టిగా ఉన్నవాళ్లకి ఇండియన్ టాయిలెట్ మీద పొట్ట బాగా ఖాళీ అవుతుందన్న మాట కాగితం మీదే మిగులుతుంది.

అయితే కమోడ్ మీదే గొంతుక్కూర్చున్నంత ఫలితం రావాలంటే ఏం చెయ్యాలి?

కాళ్ల కింద పీట వెయ్యండి. 6 నుంచి 8 అంగుళాల ఎత్తు చాలామందికి సరిపోతుంది. మోకాళ్లు తొడల మొదలు కంటే కొంచెం పైకి రావాలి, అంతే లెక్క. తర్వాత ఒళ్లు కొంచెం ముందుకి వంచి మోచేతులు తొడల మీద ఆనించాలి, నడుము గూనిలా వంచకుండా. ఊపిరి బిగబట్టి ముక్కకూడదు, పొట్టని ముందుకి ఉబ్బిస్తూ నెమ్మదిగా ఊపిరి వదలాలి. "దీపం ఆర్పినట్టు ఊదు" అని చెబితే పెద్దవాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

పీట వెడల్పుగా ఉండాలి, రెండు పాదాలూ పూర్తిగా ఆనాలి. వంటింట్లో వాడే నున్నటి చెక్కపీట తడికి జారుతుంది, కింద రబ్బరు బిళ్లలు కొట్టించండి. రెండు పాత ఇటుకలు పెట్టినవాళ్లని కూడా చూశాను, పని చేస్తుంది కానీ అంచుకి కాలి వేళ్లు తగులుతాయి.

ఒక ప్రమాదముంది. లేచేటప్పుడు ఆ పీట కాళ్లకి అడ్డం. ముందు కాళ్లు కిందికి దించి, పాదంతో పీటని పక్కకి జరిపి, ఆ తర్వాతే లేవాలి. దీన్ని నాలుగు రోజులు మీరు పక్కనుండి అలవాటు చెయ్యండి. చూపు సరిగ్గా లేనివాళ్లకి, మతిమరుపు ఉన్నవాళ్లకి పీట పెట్టకపోవడమే మేలు. ఒళ్లు ముందుకి వంచి కూర్చుంటే కొంత ఫలితం దానితోనే వస్తుంది.

లేవడం కష్టంగా ఉందని కమోడ్ ఎత్తు పెంచాం. ఇప్పుడు లేస్తోంది గానీ మోషనే అవ్వట్లేదు. ఎక్కడ పొరపాటు జరిగింది?

పొరపాటు ఎత్తులోనే. సీటు ఎంత ఎత్తుంటే లేవడం అంత తేలిక, పొట్ట ఖాళీ అవ్వడం అంత కష్టం. ఒక ఇంట్లో జరిగింది అంగుళాలతో సహా చెప్తాను, మీ ఇంటికి మీరే లెక్క వేసుకోవచ్చు.

ఆవిడకి 71 ఏళ్లు, పొట్టి మనిషి, నాలుగడుగుల పది అంగుళాలు. రెండు మోకాళ్లూ అరిగాయి, ఆపరేషన్ వద్దనుకుంది. కమోడ్ సీటు నేల నుంచి 17 అంగుళాలు. కొడుకు ప్రేమగా దాని మీద 4 అంగుళాల ప్లాస్టిక్ ఎత్తు సీటు తెచ్చి బిగించాడు, మొత్తం 21 అయింది. కోడలు చెప్పిన మాట: "అత్తయ్య పొద్దున ఆరింటికి వెళ్తే ఆరూ నలభైకి వస్తుందండీ, వచ్చాక కూడా అయినట్టు లేదంటుంది."

చెప్పుల్లేకుండా నిలబెట్టి నేల నుంచి మోకాలి వెనక మడత దాకా టేపు పెట్టి కొలిచాను. పద్నాలుగున్నర అంగుళాలు. అంటే 21 అంగుళాల సీటు మీద కూర్చుంటే కాళ్లు ఆరున్నర అంగుళాలు గాల్లో వేలాడుతున్నాయి. బస్సులో ఎత్తు సీటు మీద కూర్చున్న చిన్నపిల్లలా. కాళ్లు ఆనకపోతే జారిపోతానేమో అని ఒళ్లంతా బిగుసుకుంటుంది, తొడల వెనక సీటు అంచు ఒత్తుకుపోతుంది, ముందుకి వంగడానికి ధైర్యం చాలదు. ఇక ఆ కండరం ఎక్కడ వదులవుతుంది?

మేం చేసింది ఇది. ఎత్తు సీటు తీసేశాం, మళ్లీ 17కి వచ్చింది. పద్నాలుగున్నర కొలతకి 17 అంటే ఇంకా రెండున్నర అంగుళాలు ఎక్కువే, అది లేవడానికి సాయం చేస్తుంది. ఎత్తు చెయ్యాల్సిన మిగతా పనిని చేతులకి అప్పగించాం. కుడి గోడకి అడ్డంగా ఒక స్టీలు కడ్డీ, మోకాళ్లకి కొంచెం ముందుగా నిలువుగా ఇంకొకటి. కాళ్ల కింద 7 అంగుళాల పీట. పాదాల నుంచి సీటు ఇప్పుడు 10 అంగుళాలే, కాలు కొలత పద్నాలుగున్నర, కాబట్టి మోకాళ్లు సీటు కంటే నాలుగున్నర అంగుళాలు పైకి వచ్చాయి. మోకాలు ముడిచే కోణం పెరిగింది కాబట్టి మొదటి రోజు నొప్పి పుట్టిందేమో అడిగాను, బరువు సీటు మీదే ఉంది కాబట్టి ఓర్చుకోగలిగింది. ఎడమ మోకాలు పట్టేసినట్టుందంటే ఆ కాలుని పీట మీద కొంచెం ముందుకి చాపుకోమన్నాను.

వారం తర్వాత ఫోన్ చేస్తే పది పన్నెండు నిమిషాలకి వచ్చిందన్నారు. ఇదంతా పీట మహిమే అని చెప్పుకోను. అదే వారం డాక్టరు ఆవిడ నొప్పి మాత్ర కూడా మార్చారు, అందులో దేనికెంత వాటా అనేది విడదియ్యలేం.

కమోడ్ అంచు మీద కాళ్లు పెట్టి గొంతుక్కూర్చుంటే పోదా? ఊళ్లో కొందరు అలాగే చేస్తారు.

ఎవరూ చెయ్యొద్దు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అసలే వద్దు. కమోడ్ పింగాణీది. పైన కూర్చునే బరువుకి ఆగుతుంది గానీ, ఒక పక్క అంచు మీద పాదం మోపితే పగలొచ్చు. పగిలిన పింగాణీ కత్తిలాంటిది, తొడల్లో పిరుదుల్లో లోతుగా దిగుతుంది. పగలకపోయినా అంత ఎత్తు నుంచి తడి కాళ్లతో దిగాలి. రెండువైపులా పాదాలు పెట్టుకునే మెట్లతో ఆంగ్లో ఇండియన్ రకం అని వస్తుంది, అది వేరు. అందులోనూ పైకెక్కి గొంతుక్కూర్చోవాల్సిందే కాబట్టి మోకాళ్ల నొప్పులకి దానితో లాభం లేదు.

అత్తయ్యగారు అరగంట కూర్చుంటారు. ఎంతసేపు కూర్చోవచ్చు?

పది నిమిషాలు. రాకపోతే లేచి వచ్చెయ్యాలి, మళ్లీ కబురొచ్చినప్పుడు వెళ్లాలి. కమోడ్ సీటుకి మధ్యలో కన్నం ఉంటుంది కాబట్టి అక్కడ కింద ఆసరా లేక రక్తనాళాల్లో రక్తం నిలుస్తుంది, మొలలున్నవాళ్లకి అవి ఇంకా ఉబ్బుతాయి. సెల్‌ఫోనో పేపరో లోపలికి తీసుకెళ్లనివ్వకండి, తాతగార్లు మరీనూ.

టైము కూడా ముఖ్యం. ఏదైనా తిన్న తర్వాత, ముఖ్యంగా పొద్దుటి టిఫిన్ తర్వాత, పెద్దపేగు దానంతటదే కదులుతుంది. అందుకే నిద్ర లేవగానే ఖాళీ కడుపుతో వెళ్లి కుస్తీ పట్టే బదులు, గోరువెచ్చని నీళ్లో కాఫీయో తాగి, రెండు ఇడ్లీలు తిని, ఇరవై నిమిషాలకి వెళ్లమనండి. స్నానం చెయ్యనిదే తినను, మోషన్ కానిదే స్నానం చెయ్యను అనే పట్టింపు ఉన్న ఇళ్లల్లో ఇదొక పెద్ద చిక్కు. అలాంటి చోట కనీసం కాఫీ దగ్గరైనా రాజీ పడమని అడుగుతుంటాను.

ఇది టాయిలెట్ వల్ల వచ్చిన ఇబ్బందా, మందుల వల్లా?

మలం గట్టిగా ఉండలు కట్టి వస్తుంటే అది కూర్చునే తీరు వల్ల కాదు, నీళ్లు, పీచు, మందులు చూసుకోవాలి. మలం మెత్తగానే ఉండి, బయటికి రావడానికే ఇబ్బంది పడుతుంటే అప్పుడు కూర్చునే తీరు మారిస్తే లాభం ఉంటుంది. అడగడానికి మొహమాటం గానీ ఈ ఒక్క ప్రశ్నతో సగం సంగతి తేలిపోతుంది.

మోకాళ్ల నొప్పులకి ఇచ్చే మాత్రల్లో ట్రమడాల్ ఉంటే పేగు మందగిస్తుంది. కాల్షియం మాత్రలు, ఐరన్ మాత్రలు మలాన్ని గట్టిపరుస్తాయి. రక్తపోటుకి ఇచ్చే వాటిలో కొన్నీ అంతే. మాత్రల కవరంతా పట్టుకెళ్లి డాక్టరుకి చూపించి ఒక్క మాట అడగండి. మీ అంతట మీరు ఏదీ ఆపెయ్యకండి. ఇసబ్‌గోల్ వాడుతుంటే పెద్ద గ్లాసుడు నీళ్లతో కలిపి తాగాలి. నీళ్లు భయంతో తగ్గించేసిన మనిషికి ఇసబ్‌గోల్ పొడి మాత్రం పోస్తే లోపల ముద్ద కట్టి మొదటికే మోసం వస్తుంది. గుండె జబ్బుకో కిడ్నీకో నీళ్లు తగ్గించమని చెప్పినవాళ్లయితే ఇది కూడా డాక్టరుని అడిగే మొదలుపెట్టండి.

## బాత్రూంలో పని చేయించేటప్పుడు

ఉన్న ఇండియన్ తీసేసి అదే చోట కమోడ్ పెట్టించాలంటే ఏమేం చూసుకోవాలి?

ఇండియన్ బేసిన్‌కి కింద నేలలో విడిగా ఒక ట్రాప్ ఉంటుంది, నీళ్లు నిలిచి వాసన రాకుండా ఆపేది అదే. వెస్టర్న్ కమోడ్‌కి ఆ వంపు దాని ఒంట్లోనే ఉంటుంది. పని త్వరగా తెమలాలని పాత ట్రాప్ తియ్యకుండా పైన కమోడ్ పెట్టేస్తే ఒకదాని తర్వాత ఒకటి రెండు వంపులవుతాయి, నాలుగు రోజులకోసారి పొంగుతుంది. పాతది తీస్తున్నారో లేదో దగ్గరుండి చూడండి.

కొనేముందు గోడ నుంచి పైపు మధ్యకి ఎంత దూరం ఉందో టేపు పెట్టి కొలిచి ఆ కాగితం షాపుకి తీసుకెళ్లండి. పైపు నేలలోకి వెళ్తే ఎస్ ట్రాప్, గోడలోకి వెళ్తే పి ట్రాప్ కమోడ్ కావాలి. అపార్ట్‌మెంట్ అయితే నేల పగలగొట్టేముందు కింది ఇంటివాళ్లకి చెప్పండి, వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించండి, లేకపోతే మీ మోకాళ్ల నొప్పి వాళ్ల సీలింగ్‌లో మరకై కనిపిస్తుంది.

ఎత్తు విషయంలో షాపువాడు చెప్పేది వినకండి. వాడే మనిషి మోకాలి వెనక మడత దాకా కొలిచి, దానికి ఒకటి రెండు అంగుళాలు కలపండి. గోడకి వేలాడే రకం అయితే ఆ ఎత్తుకే బిగించమనొచ్చు. నేల మీద కూర్చునే రకం అయితే సీటుతో కలిపి ఎంత ఎత్తొస్తుందో చూసి కొనండి.

మాది అద్దె ఇల్లు, ఓనరు పగలగొట్టనివ్వరు. ఇంకో దారి లేదా?

ఉంది. ఇండియన్ బేసిన్ మీద పెట్టుకునే కమోడ్ స్టూల్ అని మెడికల్ పరికరాల షాపుల్లో దొరుకుతుంది, మధ్యలో కన్నం ఉన్న సీటు, నాలుగు కాళ్లు. పనైపోయాక తీసి పక్కన పెట్టుకోవచ్చు. కొనేటప్పుడు మూడు చూడండి: కాళ్లు బయటికి వాలి ఉండాలి, కింద రబ్బరు బుషులుండాలి, రెండువైపులా చేతులు ఆనించుకునేవి ఉండాలి. ఇనుప రకం ఏడాదికి తుప్పు పడుతుంది, అతుకుల దగ్గర నెలకోసారి చూసుకోవాలి. ఇండియన్ బేసిన్ పక్క మెట్టు ఎత్తుగా ఉంటే స్టూల్ నాలుగు కాళ్లూ ఒకే మట్టానికి రావు, ఊగుతుంది. ముందు కొలుచుకుని వెళ్లండి. మనిషి కూర్చోకముందు మీరు ఒకసారి కూర్చుని అటూ ఇటూ ఊగి చూడండి.

సీటు నుంచి బేసిన్ దాకా ఎత్తు ఉంటుంది కాబట్టి చిందుతుంది, కాళ్ల మీద పడుతుంది అని పెద్దవాళ్లు అసహ్యపడతారు. కన్నం కింద గరాటులాగా తొట్టి ఉన్న రకం తీసుకుంటే ఆ బాధ తగ్గుతుంది.

పట్టుకునే కడ్డీలు ఎక్కడ పెట్టించాలి?

మనిషిని కూర్చోబెట్టి పెట్టించండి, ఖాళీ బాత్రూంలో అంచనాగా కాదు. కూర్చున్నప్పుడు మోచెయ్యి కొంచెం వంచి అందుకునే ఎత్తులో, సీటుకి ఓ 9 అంగుళాలు పైన, పక్క గోడకి ఒకటి అడ్డంగా. మోకాళ్లకి కొంచెం ముందు ఒకటి నిలువుగా, లేచేటప్పుడు దాన్ని పట్టుకుని ఒంటిని ముందుకి లాక్కోవడానికి. వెనకాల గోడకి పెడితే ఎందుకూ పనికిరాదు.

మందం గుప్పిట్లోకి ఇమిడేలా, 32 నుంచి 38 మిల్లీమీటర్లు. రబ్బరు కప్పుల్లాంటి వాటితో టైల్‌కి అంటించే రకం కొనకండి, తడికి గాలి పోయి ఒక్కసారిగా ఊడొస్తుంది, నమ్మి పట్టుకున్న మనిషి వెనక్కి పడతారు. మేస్త్రీ టైల్‌లో మాత్రమే కాక వెనకాల ఇటుకలోకి పోయేలా యాంకర్ బోల్టులు వెయ్యాలి. తువ్వాలు వేసుకునే కడ్డీ ఆసరా కాదు. అదొక్కటే ఉన్న బాత్రూంలో పెద్దవాళ్లు దాన్నే పట్టుకుంటారు, కాబట్టి చేతికందకుండా మార్చెయ్యండి. బాత్రూం తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపల పడిపోయిన మనిషి తలుపుకి అడ్డం పడితే లోపలికి నెట్టే తలుపు తెరుచుకోదు.

## ఆపరేషన్ అయ్యాక

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. మళ్లీ ఇండియన్ వాడొచ్చా? పీట వెయ్యొచ్చా?

మార్చిన మోకాలితో గొంతుక్కూర్చోవద్దనే చాలామంది సర్జన్లు చెప్తారు, ఎంత ముడవగలిగినా సరే. కమోడ్ తప్పదు. ఇంటికి వచ్చిన మొదటి వారాల్లో మోకాలు 90 డిగ్రీలు కూడా ముడవకపోవచ్చు, అప్పుడు ఎత్తు సీటు న్యాయమే. ఆపరేషన్ కాలుని ముందుకి చాపుకుని కూర్చోవాలి. వాపు తగ్గి మోకాలు బాగా ముడుచుకునేటప్పటికి ఎత్తు సీటు తీసేసి, మీ ఫిజియోని అడిగి తక్కువ పీటతో మొదలుపెట్టొచ్చు.

తుంటి మార్పిడి అయినవాళ్ల సంగతి మాత్రం పూర్తిగా వేరు. తుంటి దగ్గర 90 డిగ్రీలకి మించి వంగొద్దని సర్జన్ చెప్పి ఉంటే పీట వెయ్యకూడదు, ముందుకి వంగి కూర్చోకూడదు, తక్కువ ఎత్తు కమోడ్ మీద కూర్చోకూడదు. కొత్త కీలు తొలగిపోయే ప్రమాదం ఉంటుంది. పక్కింటావిడ మోకాలికి పీట వేసి సుఖపడిందని మీ ఇంట్లో తుంటి ఆపరేషన్ అయిన నాన్నకి పీట వెయ్యకండి. వాళ్లకి మోషన్ మెత్తబరిచే మందే దారి, అది ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడే అడిగి రాయించుకోండి. ఆపరేషన్ తర్వాత నొప్పి మందులు, మంచం మీద ఉండటం, తక్కువ తిండి అన్నీ కలిసి మొదటి వారం రోజులు చాలామందికి మోషన్ బిగిసిపోతుంది.

## అలవాటు పడేటప్పుడు, అనుమానం వచ్చినప్పుడు

అంత ఖర్చు పెట్టి పెట్టిస్తే అమ్మ దాని మీద కూర్చోనంటోంది. ఏం చెయ్యాలి?

ఎందుకు వద్దంటోందో కనుక్కోండి, "అలవాటు లేదు" అన్న మాట వెనక ఎప్పుడూ ఇంకోటి ఉంటుంది. నలుగురూ కూర్చున్న చోట ఒళ్లు ఆనించాలంటే మడి ఉన్నవాళ్లకి అసహ్యం. వాళ్లకి విడిగా ఒక సీటు కవరు ఇవ్వండి, లేదా వెళ్లేముందు నీళ్లు పోసి తుడిచి మరీ చూపించండి. చాలామందికి అసలు చిక్కు కడుక్కోవడం దగ్గర. కూర్చున్న చోట చెంబుతో వెనక నుంచి అందదు, చీర తడుస్తుంది. కుడి చేతికందే చోట జెట్ స్ప్రే పెట్టించి, వత్తిడి తగ్గించి, ముందు చేతి మీద పట్టి చూపించండి. మొదటిసారే గట్టిగా తగిలితే మళ్లీ దాని జోలికి వెళ్లరు. చన్నీళ్లకి సీటు చల్లగా ఉండటం కూడా చలికాలంలో పెద్ద కారణమే, నవ్వకండి.

ఎప్పుడు ఇక కూర్చునే తీరు గురించి ఆలోచించడం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

మలంలో రక్తం కనిపించినా, తారులా నల్లగా వచ్చినా (ఐరన్ మాత్రలు వేసుకుంటే నల్లగా రావడం మామూలే, అయినా ఒకసారి చెప్పండి), బరువు తగ్గుతున్నా, ఏళ్ల తరబడి ఉన్న అలవాటు కొద్ది వారాల్లో మారిపోయినా వెళ్లాలి. కొత్త కమోడ్ పెట్టించిన నెలలోనే ఇది జరిగితే అందరం కమోడ్ మీదకి నెట్టేస్తాం, అక్కడే మోసపోతాం. పొట్ట ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోవట్లేదంటే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకొకటి జనం తప్పుగా అర్థం చేసుకునేది. నాలుగైదు రోజులు మోషన్ లేదు, ఆ తర్వాత నీళ్లలాగా కొంచెం కొంచెం కారుతూ చీర పాడవుతోంది. ఇంట్లోవాళ్లు విరేచనాలనుకుని ఆపే మాత్ర వేస్తారు. లోపల గట్టి ముద్ద అడ్డుపడి దాని పక్కల నుంచి నీళ్లు జారుతున్నాయేమో డాక్టరు చూడాలి. ఆపే మాత్ర వేస్తే ఆ ముద్ద ఇంకా బిగుసుకుంటుంది. మంచాన ఉన్న పెద్దవాళ్లలో, ట్రమడాల్ వేసుకునేవాళ్లలో ఇది ఎక్కువ. మొహమాటంతో అమ్మ చెప్పదు, ఉతికే బట్టలు చూసిన మనిషికే ముందు తెలుస్తుంది.